‘పది నిమిషాలు చాలు సార్’: ఎగుమతిదారుని సలహా అడిగే తీరు

మిరప తోట పూత మీద, పిందె మీద ఉంది. ఇంకో నెలన్నరకు మొదటి కోత. ఈసారి సరుకు యార్డులో కమీషన్ కొట్టు ముందు కుప్ప పోయడం కాకుండా, ఎగుమతికి పనికొచ్చేలా తయారు చేద్దామని మీకు ఆలోచన వచ్చింది. తయారు చేయడం అంటే ఏమిటి? ఏ పరీక్ష, ఎప్పుడు, ఎంత ఖర్చు? ఈ సంగతి బాగా తెలిసిన మనిషి ఒకాయన ఉన్నాడు. పాతికేళ్లుగా విదేశాలకు మిర్చి పంపుతున్న కంపెనీలో కొనుగోళ్లన్నీ చూసే పెద్ద మనిషి. ఆయన ఫోను నంబరు కూడా మీ జేబులో ఉన్న విజిటింగ్ కార్డు మీద ఉంది. కానీ అడగడమెలా?

ఇక్కడే మన రైతులు చాలామంది రెండు రకాలుగా పొరపాటు పడుతున్నారు. కొందరు ‘అంత పెద్దాయన మనతో మాట్లాడతాడా’ అని అసలు అడగరు. మరికొందరు అడుగుతారు గానీ, అడిగిన తీరు చూసి ఆయన జవాబు చెప్పడు. ‘మొహం చాటేశాడు, గర్వం’ అని మనం అనుకుంటాం. నిజానికి చాలాసార్లు అది గర్వం కాదు. మనం అడిగిన దానికి ఔనని చెప్పడం ఆయనకు కష్టంగా ఉందంతే.

ఆయన ఫోనులో ఏం జరుగుతుంది

కొనుగోళ్లు చూసే మనిషి రోజు ఎట్లా గడుస్తుందో ఒకసారి ఊహించుకోండి. పొద్దున పూట యార్డులో శాంపిళ్లు చూడటం, కాయ విరిచి రంగు చూడటం, తొడిమ చూడటం, ధర ఖాయం చేయడం. ఆ తర్వాత కాటాలు. మధ్యలో కోల్డు స్టోరేజీ నుంచి ఫోన్లు, లారీల గొడవలు, ల్యాబు నుంచి వచ్చే రిపోర్టులు. సాయంత్రం విదేశీ కొనుగోలుదారుతో మాటలు. వీటి మధ్యన ఆయన ఫోనులో ముక్కూమొహం తెలియని నంబరు నుంచి ఒక మెసేజి పడింది: ‘సార్ నమస్తే. మీతో ఒకసారి మాట్లాడాలి. అర్జంటు. టైము చెప్పండి.’

ఇది చదివి ఆయన ఏమనుకుంటాడు? ఈయనెవరు? దేని గురించి? పాత బాకీ తగాదానా, సరుకు కొనమనా, అబ్బాయికి ఉద్యోగమనా? ఎంతసేపు పడుతుంది? వీటిలో ఒక్కదానికీ ఆ మెసేజిలో జవాబు లేదు. ‘ఎవరు, ఏమిటి’ అని తిరిగి అడగాలంటే అదొక పని. అందుకని ‘తర్వాత చూద్దాం’ అని పక్కన పెడతాడు. ఆ తర్వాత దాని మీద మరో 40 మెసేజిలు పడతాయి. అది ఇక కిందనే ఉండిపోతుంది.

ఇంకొందరు ఇంతకు వ్యతిరేకం. 4 నిమిషాల వాయిస్ మెసేజి పంపుతారు. దాంట్లో పోయినేడు నల్లి వచ్చిన సంగతి, కౌలు ఎంత పెరిగిందో, పక్క రైతుకు ఎంత ధర పలికిందో అంతా ఉంటుంది. అసలు ప్రశ్న చివరి అర నిమిషంలో వస్తుంది. యార్డు రణగొణల్లో వాయిస్ వినే తీరిక ఎవరికీ ఉండదు. రాత మెసేజి అయితే కంటితో ఒక్క చూపులో అందుతుంది. మీకు టైపు చేయడం రాకపోతే ఇంట్లో చదువుకునే పిల్లల చేత కొట్టించండి. తప్పేమీ లేదు.

ఆయన్నే అడగవలసిన ప్రశ్న ఏది?

మెసేజి రాయడానికి ముందు పని ఒకటుంది. అదే అన్నిటికన్నా ముఖ్యం. మీ మనసులో ఉన్న పది ప్రశ్నల్లో ఆయన తప్ప మరొకరు చెప్పలేనిది ఏదో తేల్చుకోవాలి.

ఆకు ముడతకు ఏ మందు కొట్టాలి, పోషకాలు ఎప్పుడు వేయాలి అన్నవి ఆయన్ని అడగకూడదు. వాటికి మీ రైతు సేవా కేంద్రం ఉంది, కృషి విజ్ఞాన కేంద్రం ఉంది, లాం ఫారం శాస్త్రవేత్తలున్నారు. 2004 నుంచి నడుస్తున్న కిసాన్ కాల్ సెంటరు 1800-180-1551 నంబరుకు ఫోను చేస్తే తెలుగులోనే, పైసా ఖర్చు లేకుండా చెబుతారు. రేపు ధర పెరుగుతుందా తగ్గుతుందా అన్నదీ అడగకూడదు. అది ఆయనకూ తెలియదు. తెలిసినా చెప్పడు, అది ఆయన వ్యాపారం. పాత బాకీ రాలేదన్న ఫిర్యాదు అయితే మార్కెట్ కమిటీ కార్యదర్శి దగ్గరికి వెళ్లాలి గానీ ఈ పద్ధతి పనికిరాదు.

మరి ఆయన మాత్రమే చెప్పగలిగింది ఏమిటి? కొనేవాడి గుమ్మం దగ్గర సరుకు ఎందుకు తిరిగిపోతుందన్నది. ఏ లోడు ల్యాబులో తప్పింది, ఎందుకు తప్పింది అన్నది ఆయన కళ్లారా చూసిన సంగతి. పుస్తకాల్లో అది దొరకదు.

పల్నాడు ప్రాంతంలోని ఒక రైతు సంగతే తీసుకుందాం. ఆయనకు 2 ఎకరాల తేజ. పక్క చేల రైతులు మరో నలుగురు కలిస్తే మొత్తం 9 ఎకరాలు. ఎకరాకు 20 క్వింటాళ్ల చొప్పున లెక్క వేసుకుంటే 180 క్వింటాళ్లు. టిక్కీకి 45 కిలోల లెక్కన 400 టిక్కీలు. ఒక్కడి 2 ఎకరాల సరుకంటే ఎగుమతిదారుకు పెద్దగా పట్టదు. ఐదుగురిదీ కలిపితే లారీ లోడు, అప్పుడది మాట్లాడదగిన సరుకు. ఈ లెక్క రైతే ముందు వేసుకున్నాడు, కాగితం మీద రాసుకున్నాడు.

మొదట ఆయన అడుగుదామనుకున్న ప్రశ్న ‘ఎగుమతికి ఏం చేయాలి సార్?’ అని. దీనికి జవాబు చెప్పాలంటే పెద్దాయనకు ఒక పూట పడుతుంది. అందుకే ఎవరూ చెప్పరు. దాన్ని చిదిమి చిదిమి చిన్నది చేసుకున్నాడు. మందుల అవశేషాల పరీక్షకు ఒక్కో శాంపిలుకు కొన్ని వేల రూపాయలవుతుంది. ఐదుగురూ కలిసి ఒక్క శాంపిలుకే డబ్బు పోగుచేయగలరు. మరి ఆ ఒక్క పరీక్షా కోతకు ముందు చేలో కాయకు చేయించాలా, కళ్ళంలో ఎండిన కాయకు చేయించాలా? ఇది రెండు ముక్కల్లో జవాబు చెప్పగల ప్రశ్న. పైగా ఆ జవాబుతో రైతు ఏం చేయబోతున్నాడో కూడా దాంట్లోనే ఉంది. డబ్బు దగ్గరుంది, ఎక్కడ పెట్టాలో తెలియదు, అంతే.

ప్రశ్న సరిపోయిందో లేదో తెలుసుకోవడానికి ఒక చిట్కా ఉంది. మీ ఇంట్లో వాళ్లకు చదివి వినిపించండి. ‘దీనికి ఆయన ఏం చెప్పొచ్చు?’ అని అడగండి. ‘ఇది గానీ, అది గానీ చెబుతాడు’ అన్నారంటే ప్రశ్న సిద్ధమైనట్టు. ‘ఏమో, చాలా చెప్పాలిగా’ అన్నారంటే ఇంకా చిన్నది చేయాలి.

ఎప్పుడు అడగాలి?

ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా యార్డుకు సరుకు వెల్లువలా వస్తుంది. ఆ రోజుల్లో కొనుగోళ్ల మనిషిని సలహా అడగడం అంటే పెళ్లి పీటల మీద ఉన్న పురోహితుణ్ణి జాతకం చూడమనడం లాంటిది. కొత్త కాయ రాకముందు నవంబరులో అయితే కొంత వెసులుబాటు ఉంటుంది. మనకూ అదే మేలు. కోతకు ముందే జవాబు తెలిస్తే దానితో ఏదైనా చేయవచ్చు. వేసవిలో యార్డుకు సెలవులిచ్చిన రోజులు కూడా మంచివే. కాకపోతే అప్పటికి మీ పంట అయిపోయి ఉంటుంది, అడిగింది వచ్చే ఏటికే పనికొస్తుంది.

రోజులో అయితే పొద్దున పూట వద్దు. సాయంత్రం 6 దాటాక, 8 లోపు మంచిది. రాత్రి 9 తర్వాత మెసేజి కూడా పంపకండి.

ఆ రైతు పంపిన మెసేజి

వారం రోజులు ఆలోచించి, డిగ్రీ చదివే కూతురు చేత టైపు చేయించి, ఆ రైతు పంపిన మెసేజి ఇది:

‘నమస్కారం సార్. నేను పల్నాడు జిల్లా మిర్చి రైతును. పోయిన నెల గుంటూరులో జరిగిన కొనుగోలుదారుల సమావేశంలో లోడ్లు ఎందుకు వెనక్కి వస్తాయో మీరు చెప్పగా విన్నాను. మేము 5గురు రైతులం కలిసి 9 ఎకరాల్లో తేజ వేశాం. ఎవరు ఏ మందు ఎప్పుడు కొట్టిందీ పుస్తకంలో రాస్తున్నాం. ల్యాబు పరీక్షకు ఒక్క శాంపిలుకే డబ్బు పెట్టగలం. అది కోతకు ముందు చేలో కాయకు చేయించాలా, కళ్ళంలో ఎండిన తర్వాత చేయించాలా అన్నది మీ సలహా కావాలి. సరుకు కొనమని గానీ, ధర చెప్పమని గానీ అడగను. ఫోనులో 10 నిమిషాలు చాలు. మంగళవారం గానీ, గురువారం గానీ సాయంత్రం 6 తర్వాత మీకు వీలైన టైము చెబితే నేనే ఫోను చేస్తాను. మాట్లాడే వీలు లేకపోతే ‘చేలో’ అనో ‘ఎండాక’ అనో ఒక్క మాట రాసినా మాకు చాలు. వీలు కాకపోయినా ఫర్వాలేదు సార్.’

కింద పేరు, ఊరు, మండలం.

ఈ మెసేజిలో గమనించవలసినవి కొన్ని ఉన్నాయి. ఎవరో, ఎక్కడ చూశారో రెండో మూడో వాక్యాల్లోనే తేలిపోయింది. ఆ సమావేశం మాట అబద్ధం కాదు, రైతు నిజంగానే వెళ్లాడు. వెళ్లకుండా ‘మీ ప్రసంగం విన్నాను’ అని రాస్తే మొదటి నిమిషంలోనే దొరికిపోతారు. మీకు అట్లాంటి పరిచయం లేకపోతే మీ కమీషన్ ఏజెంటు చేతగానీ, రైతు ఉత్పత్తిదారుల సంఘం వాళ్ల చేతగానీ ‘ఈ రైతు మెసేజి పెడతాడు’ అని ఒక్క మాట చెప్పించండి. ఆ పేరు అడిగే మెసేజి మొదట్లో రాయండి. ఏ పరిచయమూ లేకపోతే లేదనే రాయండి. ‘మీ పేరు ఫలానా చోట చూసి రాస్తున్నాను’ అన్నా చాలు.

‘పుస్తకంలో రాస్తున్నాం’ అన్న ముక్క చిన్నదే. కానీ అది ఆయన చూపు మార్చేస్తుంది. తన వంతు పని తాను చేసిన మనిషి అడుగుతున్నాడని దాని వల్లే తెలుస్తుంది. ఎగుమతిదారుకు మందుల చిట్టా రాసే రైతు అరుదుగా దొరుకుతాడు. ఆ ముక్క నిజం కాకపోతే మాత్రం రాయకండి. ఆయన మొట్టమొదట అడిగేది దాని గురించే.

‘సరుకు కొనమని అడగను’ అన్న మాటకు ఎంత విలువో చెప్పలేం. సలహా పేరుతో ఫోను చేసి ఐదో నిమిషంలో ‘మరి మా కాయ మీరే తీసుకోండి సార్’ అనే వాళ్లను ఆయన ఎంతోమందిని చూసి ఉంటాడు. అందుకే తెలియని రైతు ఫోనంటే జంకుతాడు. ఆ జంకు మీరు ముందే తీసేస్తే సగం పని అయినట్టే. అయితే ఆ మాట అన్నాక దానికి కట్టుబడాలి. ఆయనే అడిగితే తప్ప మీరు ఎత్తకూడదు.

ఇక రోజుల సంగతి. ‘మీకు ఎప్పుడు వీలైతే అప్పుడు’ అనడం మర్యాద అనుకుంటాం. కానీ దాంతో ఆలోచించే పని ఆయన మీద పడుతుంది. ‘మంగళవారమా, గురువారమా’ అంటే ‘గురు’ అని రెండక్షరాలు కొడితే సరిపోతుంది. చివరి రెండు వాక్యాలు కూడా అట్లాంటివే. ఒక్క మాటతో తప్పుకునే దారి, అసలు కాదనే దారి రెండూ తెరిచి పెట్టాడు. కాదనడానికి దారి ఉన్న మనిషికి ఔననడం తేలిక. ‘మీరే మాకు దిక్కు సార్, కాదనకండి’ అని రాస్తే ఆయన ఇరుకున పడతాడు. ఇరుకున పడ్డవాడు పలకడు.

ఆ మెసేజితో పాటు రైతు ఫోటోలేవీ పంపలేదు. 14 ఫోటోలు ఒకేసారి పడితే ఫోను నిండిపోతుంది, మెసేజి వాటి కింద పోతుంది. ఆయన అడిగితే అప్పుడు మందుల పుస్తకం పేజీ ఒక్కటి తీసి పంపవచ్చు.

జవాబు రాకపోతే

రైతుకు మూడు రోజులు జవాబు రాలేదు. నీలం గీతలు మాత్రం పడ్డాయి, అంటే చదివాడన్నమాట. నలుగురు మిత్రులూ ‘ఫోను చేసెయ్యి, లేకపోతే మిస్సుడు కాల్ ఇవ్వు’ అన్నారు. రైతు ఆగాడు. అది మంచి పని. మిస్సుడు కాల్ ఇవ్వడమంటే ఆయన ఖర్చు మీద, ఆయన శ్రమ మీద మనతో మాట్లాడమనడం. ముందు చెప్పకుండా నేరుగా ఫోను చేస్తే ఆయన కాటా దగ్గర ఉండవచ్చు, కస్టమరు ముందు ఉండవచ్చు. విసుగ్గా ‘తర్వాత’ అని పెట్టేస్తాడు. ఒకసారి విసుక్కున్న నంబరును రెండోసారి ఎత్తడు.

వారం తర్వాత ఒక్క గుర్తు మెసేజి పంపవచ్చు. దాంట్లో మళ్లీ కథంతా వద్దు. ‘సార్, పోయిన వారం పరీక్ష శాంపిలు గురించి అడిగిన రైతును. మొదటి కోత డిసెంబరు చివర. ఆ లోపు ఎప్పుడైనా ఒక్క మాట చెబితే చాలు’ అంటే సరి. దానికీ జవాబు రాకపోతే ఇక ఆయన్ని వదిలేయండి. అదే కంపెనీలో ఐదుగురికి ఒకే మెసేజి పంపించడం మాత్రం చేయకండి. మధ్యాహ్నం భోజనం దగ్గర అది వాళ్ల మాటల్లో బయటపడుతుంది. అప్పుడు ఎవరి మట్టుకు వాళ్లు ‘మిగతావాళ్లు చెబుతార్లే’ అని ఊరుకుంటారు. వేరే కంపెనీలో నాణ్యత చూసే అధికారినో, గుంటూరులోని స్పైసెస్ బోర్డు కార్యాలయం వాళ్లనో అదే ప్రశ్నతో అడగండి. బోర్డుకు గుంటూరులో ల్యాబు కూడా ఉంది.

ఇంకో సంగతి. అడిగిన మనిషి ‘ముందు రిజిస్ట్రేషన్ ఫీజు పంపించు, తర్వాత చెబుతా’ అన్నాడంటే మీరు పెద్దమనిషి దగ్గరికి చేరలేదని తెలుసుకోండి. సలహాకు డబ్బు అడిగేవాడు వేరే రకం.

మన రైతుకు నాలుగో రోజు సాయంత్రం జవాబు వచ్చింది. ‘గురు 7’ అని. అంతే.

ఆ పది నిమిషాలు

గురువారం సరిగ్గా 7 గంటలకు రైతు ఫోను చేశాడు. చేలో గాలిలో కాకుండా ఇంట్లో తలుపు వేసుకుని, మందుల పుస్తకం, తెల్ల కాగితం, కలం ముందు పెట్టుకుని కూర్చున్నాడు. ‘సార్ నమస్కారం. పరీక్ష శాంపిలు గురించి మెసేజి పెట్టిన రైతును. మాట్లాడవచ్చా? 7.10కి పెట్టేస్తాను’ అన్నాడు. కుశల ప్రశ్నలకు పోలేదు.

‘ఏమండీ, మందుల చిట్టా ఉందన్నారు. చివరి మందు ఎప్పుడు కొట్టారు?’ అని పెద్దాయన మొదటి ప్రశ్న. రైతు పుస్తకం తీసి తేదీ, మందు పేరు చెప్పాడు. ఆ తర్వాత వచ్చిన జవాబు ఇద్దరూ ఊహించనిది. చేలో కాయా కాదు, కళ్ళంలో కాయా కాదు, మూడోది.

పచ్చి కాయకు పరీక్ష చేయిస్తే లెక్క తప్పుతుందన్నాడాయన. కాయ ఎండేటప్పుడు నీరు పోయి బరువు తగ్గుతుంది. లోపల ఉన్న మందు అవశేషం మాత్రం ఆ మిగిలిన కొద్ది బరువులోకే చేరుతుంది. పచ్చి కాయలో కొద్దిగా కనిపించింది ఎండు కాయలో కిలోకు ఎక్కువగా కనిపిస్తుంది. అట్లాగని సరుకంతా ఎండాక పరీక్ష చేయిస్తే, అప్పటికి అంతా కలిసిపోయి ఉంటుంది, చేయగలిగింది ఏమీ ఉండదు. అందుకని మొదటి కోతకు ముందే అక్కడక్కడ పండిన కాయ 5 కిలోలు ఏరి, విడిగా శుభ్రమైన పట్టా మీద ఎండబెట్టి, ఆ ఎండు కాయను ల్యాబుకు ఇవ్వమన్నాడు. 5 కిలోలు ఎండితే కిలో పైచిలుకు వస్తుంది, శాంపిలుకు సరిపోతుంది.

‘ఐదుగురి కాయా కలిపి ఇవ్వకండి. ఫెయిలైతే ఎవరిదో తెలియదు. మీ పుస్తకాలు చూసి ఎవరు ఎక్కువ మందు కొట్టారో, ఎవరు ఆఖరున కొట్టారో వాళ్ల చేను కాయ ఇవ్వండి. అది నెగ్గితే మిగతావాటి మీద కొంత ధైర్యం ఉంటుంది. చిట్టా కూడా ల్యాబుకు చూపించండి. మీరు కొట్టిన మందులు వాళ్ల పరీక్ష జాబితాలో ఉన్నాయో లేదో అడగండి. లేని మందుకు రిపోర్టులో ఏమీ రాదు, అది లేదని మీరు మోసపోతారు’ అన్నాడు.

రైతు రాసుకుంటూ ఒక్కో మాటా తిరిగి చదివి వినిపించాడు. ఇది మంచి అలవాటు. తప్పుగా విన్నది అక్కడే సరవుతుంది. ఎదుటి మనిషికీ తన మాట వృథా పోలేదని తెలుస్తుంది.

అప్పటికి 6 నిమిషాలయింది. రైతు కాగితం మీద రెండో ప్రశ్న ఒకటి రాసి పెట్టుకున్నాడు, టైముంటేనే అడగాలని. ‘సార్, ఇంకొక్కటి. అవశేషాలు కాకుండా మా వంటి వాళ్ల సరుకు దేనికి ఎక్కువ తిరిగిపోతుంది?’

‘బూజు విషం’ అన్నాడాయన. అంటే అఫ్లాటాక్సిన్. అది చేలో మందు వల్ల రాదు, ఎండబెట్టడంలో, నిలవలో తేమ వల్ల పట్టే బూజు నుంచి వస్తుంది. ఐరోపా దేశాల్లో ఎండుమిర్చికి అఫ్లాటాక్సిన్ బి1 కిలోకు 5 మైక్రోగ్రాములు, అన్ని రకాలూ కలిపి 10 మైక్రోగ్రాములు దాటకూడదు. ‘టిక్కీలు తొక్కేటప్పుడు కాయ విరగకుండా నీళ్లు చల్లుతారు చూడండి, అక్కడే కొంప మునిగేది. రాత్రి మంచు పడేటప్పుడు కుప్ప మీద కప్పాలి. కాయలో తేమ 10, 11 శాతం మించకూడదు. గుప్పెట్లో పట్టి ఊపితే గింజ గలగలలాడాలి’ అన్నాడు. ఈ మాట మీరూ రాసి పెట్టుకోండి. నీళ్లు చల్లే అలవాటు మన కళ్ళాల్లో ఇంకా పోలేదు.

7 గంటల 9 నిమిషాలకు రైతే ‘సార్, టైమయింది, పెట్టేస్తాను. చాలా మేలు చేశారు’ అన్నాడు. పెద్దాయన తనంతట తనే ‘రిపోర్టు వచ్చాక పంపించండి, చూస్తాను’ అన్నాడు. టైము అయిందని మనం ముందు అంటే ఆయన పొడిగించుకుంటాడు. ఆయన అనేదాకా మనం సాగదీస్తే రెండోసారి దొరకడు.

ఫోను తర్వాత

మర్నాడు పొద్దున రైతు రెండు వాక్యాలు పంపాడు. ‘మీరు చెప్పినట్టు ఎక్కువ మందు కొట్టిన చేను కాయ 5 కిలోలు విడిగా ఎండబెడుతున్నాం. రిపోర్టు రాగానే పంపుతాను సార్.’ పండ్ల బుట్టలు, స్వీటు డబ్బాలు పంపలేదు. కొనుగోళ్ల పనిలో ఉన్నవాళ్లకు అట్లాంటివి పంపితే ఇబ్బందే.

చాలామంది ఇక్కడితో ఆగిపోతారు. సలహా తీసుకున్నాక ఏమయిందో చెప్పరు. ఈ రైతు నెల తర్వాత రిపోర్టు ఫోటో ఒక్కటి పంపాడు. దాంట్లో ఒక మందు అవశేషం ఎక్కువే కనిపించింది. అది ఏ చేనుదో తెలుసు కాబట్టి, ఆ ఒక్క రైతు కాయను విడిగా కోసి, విడిగా ఎండబెట్టి, మామూలుగా యార్డుకు తీసుకువెళ్లారు. మిగతా నలుగురూ తమది విడి కుప్పగా పెట్టారు. ఫలితం బాగా లేకపోయినా పంపాడు చూడండి, అది ముఖ్యం. ఆయనకు కావలసింది మెచ్చుకోలు కాదు, నిజంగా ఏం జరిగిందోనన్న కబురు.

ఒక హద్దు మాత్రం గుర్తుంచుకోండి. ఒక ఎగుమతిదారు చెప్పేది తన కొనుగోలుదారులు అడిగేదాన్ని బట్టి ఉంటుంది. ఐరోపాకు పంపేవాడి లెక్క వేరు, చైనాకు తేజ పంపేవాడి లెక్క వేరు, నూనె తీసే ఫ్యాక్టరీకి వేసేవాడి లెక్క వేరు. అందుకని ఆయన ఏ దేశానికి పంపుతాడో మొదటే తెలుసుకుని ఉండాలి. లేదా ఫోనులో ఒక్క మాట అడగాలి. ఇంకొకరి దగ్గర వేరే జవాబు వస్తే ఎవరో ఒకరు అబద్ధం చెప్పారనుకోకండి.

మార్చిలో మూడో కోత కాలానికి ఆ రైతుకు మరో సందేహం వచ్చింది, తొడిమ తీసిన కాయ గురించి. ఈసారి మెసేజి మూడు వాక్యాలే రాశాడు. సీజను మధ్యలో అయినా, అదే రోజు రాత్రి 8 గంటలకు పెద్దాయనే ఫోను చేశాడు.